పదవి లేని నాయకత్వం: ఇంటర్వ్యూలో ఏ అనుభవాన్ని ఎంచుకోవాలి?

“మీకు ఏ పదవీ లేనప్పుడు, మీతో సమానంగా పనిచేసేవాళ్లను ఒక విషయంలో ఒప్పించి నడిపిన సందర్భం ఒకటి చెప్పండి.” సాఫ్ట్‌వేర్, కన్సల్టింగ్, ప్రాజెక్టు నిర్వహణ ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో ఎదురవుతుంది. వినడానికి తేలికగానే ఉంటుంది. కానీ చాలామంది అభ్యర్థులు తడబడేది జవాబు చెప్పే తీరులో కాదు, అంతకుముందే, ఏ సంఘటన చెప్పాలో ఎంచుకునే దగ్గర. సంఘటన సరైనది కాకపోతే ఎంత చక్కగా చెప్పినా అది ఇంకో ప్రశ్నకు జవాబవుతుంది.

ఈ ప్రశ్న పుట్టింది పని జరిగే తీరులోంచే. ఒక ప్రాజెక్టులో ఉన్న పదిమందీ ఇప్పుడు ఒకే మేనేజర్ కింద ఉండరు. ప్రోగ్రామ్ రాసేవాళ్లు ఒక విభాగం, దాన్ని పరీక్షించే టెస్టర్లు మరో విభాగం, సర్వర్లు చూసుకునేవాళ్లు ఇంకో విభాగం. కొన్నిసార్లు ఆ మూడో విభాగం వేరే దేశంలో ఉంటుంది. ఒకరిపై ఒకరికి అజమాయిషీ ఉండదు, పని మాత్రం అందరి చేతుల మీదుగా సాగాలి. అలాంటి చోట పక్కవాడు వినకపోతే పైవాడికి చెప్పడం తప్ప ఇంకేమీ తెలియని మనిషి ఎంత తెలివైనవాడైనా పని ఆగిపోతుంది. ఇంటర్వ్యూ చేసేవారు తెలుసుకోవాలనుకునేది అదే.

“మీరైతే ఏం చేస్తారు?” అని ఊహ అడగకుండా “ఏం చేశారు?” అని జరిగిన సంగతే అడగడానికి కూడా కారణం ఉంది. ఊహకు అందరూ మంచి జవాబే చెబుతారు. జరిగినదాన్ని చెప్పాలంటే మాత్రం మనుషులు, తేదీలు, మాటలు గుర్తుకు రావాలి. గతంలో మనిషి ఎలా ప్రవర్తించాడో వివరంగా రాబట్టే ఇంటర్వ్యూలను, ఒక పద్ధతంటూ లేకుండా సాగే మామూలు ఇంటర్వ్యూలతో పోల్చి చూస్తూ టామ్ జాంజ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1982లో ఒక పరిశోధన ప్రచురించారు. ఆ తర్వాత ఈ తరహా ప్రశ్నలు కంపెనీల్లో బాగా పాతుకుపోయాయి. గూగుల్‌లో ఉద్యోగుల విభాగానికి అధిపతిగా ఉన్న లాజ్లో బాక్ 2014లో న్యూయార్క్ టైమ్స్ వ్యాసకర్త థామస్ ఫ్రీడ్‌మన్‌తో మాట్లాడుతూ, తాము వెతికే నాయకత్వం క్లబ్బు అధ్యక్ష పదవుల లాంటిది కాదని వివరించారు. అవసరమైనప్పుడు ముందుకొచ్చి బాధ్యత తీసుకోవడం, అవసరం తీరాక పక్కకు జరిగి ఇంకొకరికి దారి ఇవ్వడం, ఈ రెండూ కావాలన్నది ఆయన మాటల సారాంశం. రెండో సగాన్ని అభ్యర్థులు తరచూ మరిచిపోతారు.

సరైన సంఘటనను గుర్తుపట్టడానికి ఒక పాత సిద్ధాంతం బాగా పనికొస్తుంది. ఒక మనిషి మాట మరో మనిషి ఎందుకు వింటాడన్న విషయాన్ని జాన్ ఫ్రెంచ్, బెర్‌ట్రమ్ రేవెన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు 1959లో అయిదు ఆధారాలుగా విడదీశారు. వింటే మేలు చేస్తాడు కాబట్టి, వినకపోతే కీడు చేస్తాడు కాబట్టి, ఆ కుర్చీలో ఉన్నవాడి మాట వినడం ధర్మం కాబట్టి, అతనికి ఆ విషయం తెలుసు కాబట్టి, అతనంటే గౌరవమో ఇష్టమో ఉంది కాబట్టి. మొదటి మూడూ కుర్చీతో వచ్చేవి. ఇంక్రిమెంటు వేసే చేయి, రేటింగ్ తగ్గించే చేయి, సంతకం పెట్టే చేయి చాలావరకు ఒకటే. “పదవి లేనప్పుడు” అనడంతోనే ప్రశ్న ఆ మూడింటినీ పక్కకు తీసేసింది. ఇక మిగిలినవి రెండు: విషయ పరిజ్ఞానం, మనిషి మీద నమ్మకం. కాబట్టి చెప్పబోయే సంఘటనలో ఎదుటివాళ్లు ఎందుకు విన్నారని తనను తాను అడిగి చూసుకుంటే చాలు. జవాబు మొదటి మూడింటిలో ఎక్కడైనా ఆనితే ఆ సంఘటన ఈ ప్రశ్నకు కుదరదు.

ఇది ఆచరణలో ఎలా ఉంటుందో చూడడానికి ఒక అభ్యర్థిని ఊహించుకోవచ్చు. హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ టీమ్‌లో మూడేళ్లుగా పనిచేస్తున్న ప్రోగ్రామర్ ఆమె. ఈ ప్రశ్నకు ఆమె దగ్గర మూడు సంఘటనలున్నాయి.

మొదటిది కాలేజీ రోజులది. వార్షికోత్సవానికి ఆమె కోఆర్డినేటర్. ముప్పై మంది వాలంటీర్లతో రెండు రోజుల కార్యక్రమం నడిపించింది. గర్వపడాల్సిన పనే, కానీ ఇక్కడ పనికిరాదు. కోఆర్డినేటర్ అన్నదే ఒక పదవి. బడ్జెట్ ఆమె చేతిలో ఉంది, సర్టిఫికెట్ల జాబితాలో పేర్లు రాసేదీ ఆమే. చిన్నవైనా ఇవన్నీ కుర్చీతో వచ్చిన బలాలే.

రెండోది నిరుటిది. ప్రాజెక్టు మధ్యలో ఒక సహోద్యోగి ఉద్యోగం మానేస్తే అతని వాటా పని కూడా ఆమె రెండు రాత్రులు మేలుకుని పూర్తి చేసింది. కస్టమర్‌కు ఇచ్చిన గడువు నిలబడింది. అభ్యర్థులు ఎక్కువగా ఎంచుకునేది ఇలాంటి కథనే, ఎందుకంటే అందులో త్యాగం ఉంది, ఫలితం ఉంది. అయితే అందులో ఎవరి మనసూ మారలేదు. ఒక్క మనిషి ఇద్దరి పని చేశాడు, అంతే. ఇంటర్వ్యూ చేసేవారికి దీనిలో కష్టపడే గుణం కనిపిస్తుంది, ఒప్పించే గుణం కనిపించదు. పైగా చేయాల్సింది ఇతరులతో చేయించలేక తానే మీద వేసుకుందేమో అన్న అనుమానం కూడా రావచ్చు.

మూడోది ఆమెకే చాలా చిన్నగా అనిపించే సంగతి. పదిహేను రోజులకోసారి గురువారం రాత్రి కొత్త వెర్షన్‌ను సర్వర్‌లో పెట్టడాన్ని ఆ టీమ్‌లో రిలీజ్ అంటారు. అది తరచూ బెడిసికొట్టి, పాత వెర్షన్‌ను వెనక్కి తేవాల్సి వచ్చేది. అలా వెనక్కి తేవడాన్ని రోల్‌బ్యాక్ అంటారు. రిలీజ్‌కు ముందు పావుగంట తనిఖీ పెట్టుకుందామని ఆమె టీమ్‌ను ఒప్పించింది. చెప్పాల్సింది ఇదే.

ఎందుకంటే ఇందులో ఒక మనిషి ‘వద్దు’ అన్నాడు. అలా అనే హక్కు అతనికి ఉంది, అలా అనడానికి తగిన కారణం కూడా ఉంది. ఈ ప్రశ్నకు తగిన సంఘటన దొరికిందా లేదా అన్నది ఈ ఒక్క గుర్తుతో దాదాపు తేలిపోతుంది. అందరూ మొదటి రోజే ‘సరే’ అన్న చోట ఒప్పించడమే జరగలేదు. మంచి సూచన ఒకటి ఇచ్చినట్టయింది, అంతవరకే.

ఆ సంఘటనను దగ్గరగా చూద్దాం. టీమ్‌లో అయిదుగురు ప్రోగ్రామర్లు, ఇద్దరు టెస్టర్లు. సర్వర్లు చూసే ఇంజినీరు వేరే విభాగం మనిషి. రిలీజ్ బెడిసికొడితే అందరూ తెల్లవారుజాము మూడింటిదాకా కూర్చోవాల్సిందే. అందరూ విసుక్కుంటున్నారు, ఇంటికి వెళ్లి నిద్రపోయాక మరిచిపోతున్నారు. ఆమె చేసిన మొదటి పని ఎవరికీ ఏమీ చెప్పకపోవడం. అంతకుముందు జరిగిన ఎనిమిది రిలీజ్‌ల మెయిళ్లు తీసి చదివింది. ఎనిమిదింటిలో మూడు రోల్‌బ్యాక్ అయ్యాయి. ఆ మూడింటిలో రెండింటికి కారణం ఒకటే: డేటాబేస్ పట్టికలను మార్చే స్క్రిప్టు కొత్త ప్రోగ్రామ్ కంటే ముందు నడవాలి, అది తర్వాత నడిచింది. మూడోసారి టెస్టు సర్వర్‌కు పెట్టిన ఒక సెట్టింగు అసలు సర్వర్‌లోకి అలాగే వెళ్లిపోయింది. మూడూ అయిదు నిమిషాలు చూస్తే దొరికే పొరపాట్లే.

ఇక్కడ ఆమె ఆ లెక్కను నేరుగా మీటింగులో అందరి ముందూ పెట్టి ఉంటే కథ వేరే దారి పట్టేది. రెండుసార్లు స్క్రిప్టు రాసిందెవరో అందరికీ తెలుసు. నలుగురిలో తప్పు పట్టించుకున్న మనిషి ఆ తర్వాత ఎంత మంచి మాటకైనా అడ్డుపడతాడు. వయసులోనూ సర్వీసులోనూ పెద్దవాళ్లకు చిన్నవాళ్లు చెప్పాల్సి వచ్చే చోట ఈ జాగ్రత్త మరీ అవసరం. అందుకని ఆమె ముందు టెస్టర్ల దగ్గరికి వెళ్లింది. రిలీజ్ బెడిసినప్పుడల్లా మొత్తం పరీక్ష మళ్లీ మొదటినుంచి చేయాల్సింది వాళ్లే. వాళ్లు వెంటనే కలిసొచ్చారు. సర్వర్ల ఇంజినీరుకు కావలసింది ఇంకొకటి: ఏ స్క్రిప్టు తర్వాత ఏది నడపాలో ముందే రాసిస్తే చాలన్నాడు.

అసలు సమస్య తొమ్మిదేళ్ల అనుభవమున్న సీనియర్ ప్రోగ్రామర్. ఆయన ఆమెకు మేనేజర్ కాదు. కానీ టీమ్‌లో ఆయన మాటకు బరువుంది, ఆయన కాదంటే మిగతావాళ్లు కదలరు. ఇరవై రెండు అంశాలతో ఆమె రాసుకొచ్చిన తనిఖీ జాబితాను చూసి ఆయన ఒక్క మాటలో కొట్టిపారేశారు. “ఇలాంటి కాగితాలు చాలా చూశాం, పనికిరావు.”

ఇలాంటి చోట చాలామంది అభ్యర్థుల కథ పలచబడిపోతుంది. “నేను ఆయనకు బాగా నచ్చజెప్పాను, ఆయన ఒప్పుకున్నారు” అని ఒక్క వాక్యంలో దాటేస్తారు. ఇంటర్వ్యూ మొత్తంలో వినదగ్గది ఆ వాక్యం వెనుక దాగిందే. ఆమె చేసింది ఇది: మర్నాడు టీ తాగే వేళ ఆయన ఒక్కరే ఉన్నప్పుడు వెళ్లి, తన జాబితా సంగతి ఎత్తకుండా, “ఇంతకుముందు పెట్టినవి ఎందుకు పనిచేయలేదు? మీరు చూశారు కదా, చెప్పండి” అని అడిగింది. రెండేళ్ల క్రితం నలభై గడుల ఫారం ఒకటి పెట్టారని, రిలీజ్ రాత్రి ఎవరూ చదవకుండా అన్ని గడుల్లో టిక్కులు పెట్టేసేవారని, తప్పు జరిగితే ఆ టిక్కు పెట్టినవాడి మీదికి వచ్చేదని ఆయన చెప్పారు. అంటే ఆయన అడ్డుపడింది తనిఖీకి కాదు, నిందకు, వృథా పనికి. ఆ భయంలో నిజముంది. తన ఇరవై రెండు అంశాల జాబితా కూడా ఆ దారినే పోతుందని ఆమెకు అప్పుడు అర్థమైంది.

ఆమె ఆ జాబితాను ఆయన చేతికే ఇచ్చి, ఉంచాల్సినవి ఉంచి మిగతావి కొట్టేయమంది. ఆయన ఆరు మిగిల్చారు. ఆ ఆరింటిలో ఒకటి ఆమెకు తట్టనే లేదు, ఆయనే చేర్చారు. తర్వాత షరతులు కుదిరాయి. రెండే రెండు రిలీజ్‌లకు చేసి చూడాలి. గురువారం సాయంత్రం ఆరింటికి పావుగంట, అంతకు మించకూడదు. ప్రోగ్రామ్ రాసినవాళ్లు కాకుండా వేరొకరు చూడాలి. ఎవరు చూశారో పేరు రాయకూడదు. ఉపయోగం లేదనిపిస్తే తానే దాన్ని ఎత్తేస్తానని ఆమె మాట ఇచ్చింది.

మొదటి రిలీజ్‌కు తనిఖీలో ఏమీ దొరకలేదు. పావుగంట పోయిందని ఒకరిద్దరు సణిగారు. రెండోసారి ఆరు గంటల పది నిమిషాలకు స్క్రిప్టుల వరుస తారుమారైనట్టు దొరికింది. తనిఖీ లేకపోయి ఉంటే ఆ రాత్రి ఏమై ఉండేదో ఎవరికీ విడమరచి చెప్పాల్సిన పని లేకపోయింది. ఆ రెండింటితో కలిపి తర్వాతి ఆరు రిలీజ్‌లలో ఒక్కటే వెనక్కి వెళ్లింది. దానికి కారణం బయటి పేమెంట్ సంస్థ సర్వర్లో వచ్చిన ఇబ్బంది, ఆ జాబితాలో పట్టుబడేది కాదు. ఆమె సెలవులో ఉన్న వారం టెస్టర్ ఒకరు తనిఖీ నడిపించారు. మూడు నెలలకు పక్క టీమ్‌వాళ్లు ఆ జాబితా అడిగితే వివరించడానికి వెళ్లింది ఆ సీనియరే.

ఈ చివరి రెండు సంగతులను చాలామంది చెప్పడం మరిచిపోతారు, లేదా తమ గొప్ప తగ్గుతుందని వదిలేస్తారు. నిజానికి కథలో అతి బలమైన సాక్ష్యం అక్కడే ఉంది. తాను లేని రోజు కూడా పని సాగిందంటే అది ఇక తన మాట కాదు, టీమ్ అలవాటు. మొదట వద్దన్న మనిషే ఇతరులకు నేర్పుతున్నాడంటే అతను మొహమాటానికి ఒప్పుకోలేదని, నిజంగానే నమ్మాడని తెలుస్తుంది. పక్కకు జరిగి ఇంకొకరికి దారి ఇవ్వడమని లాజ్లో బాక్ చెప్పినది ఈ కథలో వేరే మాటలేవీ లేకుండానే కనిపిస్తుంది.

అలన్ కోహెన్, డేవిడ్ బ్రాడ్‌ఫోర్డ్ అనే ఇద్దరు అమెరికన్ ఆచార్యులు 1990లో వెలువరించిన పుస్తకం పూర్తిగా అధికారం లేని పలుకుబడి గురించే. అందులోని ముఖ్యమైన ఆలోచన ఇచ్చిపుచ్చుకోవడం. ఒక్కొక్కరికి ఒక్కో నాణెం చెల్లుతుంది, ఎదుటివారి దగ్గర చెల్లే నాణెం ఏదో కనుక్కోవాలి అంటారు వాళ్లు. పై కథలో టెస్టర్లకు చెల్లిన నాణెం నిద్ర. సర్వర్ల ఇంజినీరుకు ముందుగా రాసిచ్చిన వరుస. సీనియర్‌కు నింద పడదన్న హామీ, తన అనుభవానికి దక్కిన చోటు. ముగ్గురికీ ఒకే వాదన వినిపించి ఉంటే ఒక్కరే విని ఉండేవారేమో. అభ్యర్థి తన సంఘటనను పరీక్షించుకోవడానికి ఇదొక మంచి మార్గం: ఎవరెవరికి ఏం కావాలో వేర్వేరుగా చెప్పగలిగితే ఆ సంఘటనలో సరుకుంది. అందరినీ కలిపి ‘టీమ్’ అని మాత్రమే చెప్పగలిగితే లోపల ఏం జరిగిందో అభ్యర్థికే తెలియదన్నమాట.

చెప్పేటప్పుడు కాలం ఎలా పంచుకోవాలన్నదీ సంఘటన ఎంపికలో భాగమే. జవాబు రెండు మూడు నిమిషాలకు మించితే వినేవారి శ్రద్ధ సడలుతుంది. అందుకే నేపథ్యం అరనిమిషంలో చెప్పలేని సంఘటనను పక్కన పెట్టడమే మంచిది. బ్యాంకింగ్ నిబంధనలో, ఒక పాత సాఫ్ట్‌వేర్ నిర్మాణమో ముందుగా అయిదు నిమిషాలు వివరిస్తే తప్ప అర్థం కాని కథ ఎంత గొప్పదైనా ఒప్పించిన ఘట్టం దగ్గరికి వచ్చేసరికి సమయం అయిపోతుంది. పై కథ నేపథ్యం మూడు వాక్యాల్లో ముగుస్తుంది. మిగతా సమయంలో సగానికి పైగా ఆ సీనియర్ అభ్యంతరానికీ దానికి ఆమె స్పందించిన తీరుకూ ఇవ్వవచ్చు.

‘మేము’ అన్న మాట దగ్గర తెలుగువాళ్లు ప్రత్యేకంగా ఇబ్బంది పడతారు. ‘నేను చేశాను’ అనడం మనకు గొప్పలు పోవడంలా అనిపిస్తుంది. ఇంగ్లీషులో జవాబు చెబుతున్నా ఆ మొహమాటం వెంట వస్తుంది, “మేము విశ్లేషించాం, మేము మాట్లాడాం, మేము ఒప్పించాం” అని సాగుతుంది. వినేవారికి అభ్యర్థి ఆ గదిలో ఉన్నాడో లేడో కూడా తేలదు. మరోవైపు మొత్తం ‘నేను’తో నింపితే ఇతరులకు చోటే ఉండదు, పైగా ఈ ప్రశ్న ఇతరుల గురించే. క్రియలను ఎవరివి వారికి పంచడమే దీనికి విరుగుడు. మెయిళ్లు చదివింది ఆమె. కొట్టేసింది సీనియర్. ఆరో అంశం ఆయనది. రెండో రిలీజ్‌లో తప్పు పట్టుకుంది టెస్టర్. ఇలా చెబితే ఆమె పాత్ర చిన్నదిగా కనిపించదు. ఏది ఆమెదో కచ్చితంగా తెలుస్తుంది.

అంకెల విషయంలోనూ నిదానం కావాలి. ఎనిమిదిలో మూడు నుంచి ఆరులో ఒకటికి తగ్గింది అనడం నిజం. దాన్నే “రోల్‌బ్యాక్‌లు 55 శాతం తగ్గించాను” అని చెబితే లెక్క తప్పు కాకపోయినా మాట తప్పవుతుంది. పద్నాలుగు రిలీజ్‌ల మీద శాతాలు నిలబడవని ఎదుటి ఇంజినీరుకు తెలుసు. ఒకసారి ఆ అనుమానం కలిగితే మిగతా కథనంతా అదే చూపుతో వింటారు. ఉన్న అంకెను ఉన్నట్టే చెప్పి, మిగిలిన ఆ ఒక్క రోల్‌బ్యాక్‌ను ఈ తనిఖీ ఎందుకు ఆపలేకపోయిందో కూడా చెప్పడం మేలు.

కథ ముగిశాక వచ్చే ప్రశ్నలే అసలు పరీక్ష. అనుభవమున్న ఇంటర్వ్యూయర్లు మొదటి జవాబును తలుపుగా మాత్రమే వాడతారు. ఆయన సరిగ్గా ఏమన్నారు? ఆ మాటకు మీరు ఏమన్నారు? ఆయన వాదనలో మీకు నిజమనిపించింది ఏమిటి? ఈ పని చేయమని మీకు ఎవరైనా చెప్పారా? చివరి ప్రశ్న చాలా కథలను కూల్చేస్తుంది. మేనేజర్ “నువ్వు ఇది చూసుకో” అని అందరి ముందూ చెప్పి ఉంటే, పదవి లేకపోయినా మేనేజర్ మాట నీడలా వెంట ఉన్నట్టే. ఎదుటివాళ్లు ఆ నీడకు తలవంచారేమో ఎవరు చెప్పగలరు? మేనేజర్‌కు విషయం తెలిసి, “సరే, ప్రయత్నించు” అని మాత్రమే అంటే ఇబ్బంది లేదు. కానీ ఆ సంగతిని అడగకముందే చెప్పేయాలి. దాచినట్టు తర్వాత తెలిస్తే కథంతా దెబ్బతింటుంది.

సంఘటనలో తన మాట కూడా ఎక్కడో ఒకచోట మారి ఉండాలి. ఇరవై రెండు అంశాలు ఆరుకు దిగడం పై కథలో ఆ చోటు. మొదట అనుకున్నదే చివరిదాకా నిలబడి, అందరూ వచ్చి దాని కింద చేరిన కథ ఒప్పించడంలా కాక, ఎదుటివాళ్లు అలసిపోయి వదిలేసినట్టు వినిపిస్తుంది. అలాగే కథలో ఎదుటివాళ్లందరూ సోమరులో, మూర్ఖులో అయితే ఆ సంఘటనను వదిలేయడం మంచిది. అది విన్నవారికి రేపు తమ టీమ్ గురించీ ఈ మనిషి ఇలాగే చెబుతాడేమో అనిపిస్తుంది.

ఇంకా ఉద్యోగం చేయని విద్యార్థులకు ఈ ప్రశ్న కష్టమని అనుకుంటారు, నిజానికి వాళ్ల దగ్గర సరైన సంఘటనలు ఎక్కువ. ఇంజినీరింగ్ ఆఖరి ఏడాదిలో నలుగురి బ్యాచ్ చేసే ప్రాజెక్టులో మార్కులు గైడ్ చేతిలో ఉంటాయి, నలుగురిలో ఎవరికీ ఎవరి మీదా అధికారం ఉండదు. నేలలో తేమను బట్టి మోటారు ఆన్ చేసే పరికరం చేస్తున్నారనుకుందాం. ఒకరు సెన్సర్, ఒకరు మోటారు సర్క్యూట్, ఒకరు ప్రోగ్రామ్, ఒకరు రిపోర్టు పంచుకుని, అన్నీ ఆఖరి వారంలో కలుపుదాం అనుకుంటారు. వాటిలో ఒకరు ప్రతి వారం కలిపి చూద్దాం అంటారు. శనివారాలు రావడానికి ఇద్దరు ఒప్పుకోరు, ఎందుకంటే వాళ్లు ఊళ్ల నుంచి కాలేజీ బస్సులో వస్తారు, శనివారం ఆ బస్సు ఉండదు. శనివారం కాకుండా శుక్రవారం ల్యాబ్ పీరియడ్ ఆఖరి అరగంట అని మార్చాక పని కుదురుతుంది. మూడో వారంలోనే సెన్సర్ ఇచ్చే వోల్టేజీ బోర్డు తీసుకునే దానికంటే ఎక్కువని తేలుతుంది. ఇంత చిన్న కథ చాలు. అభ్యంతరం నిజమైనది, దాన్ని తీర్చిన మార్పు స్పష్టమైనది, ఫలితం చూపించగలిగేది. ఆ విద్యార్థిని గైడ్ కాగితం మీద ‘టీమ్ లీడర్’గా రాసి ఉంటే ఆ మాట మొదటే చెప్పి, ఆ పేరుకు మార్కుల మీద ఏ పట్టూ లేదని ఒక్క వాక్యంలో తేల్చాలి.

జవాబును ఇంగ్లీషులో వ్యాసంలా రాసుకుని బట్టీ పట్టడం మాత్రం నష్టం చేస్తుంది. మధ్యలో ఒక ప్రశ్న పడగానే దారం తెగిపోతుంది. అంతకన్నా, జరిగినదాన్ని ముందు తెలుగులోనే ఒక స్నేహితుడికి చెప్పి చూడవచ్చు. అతను ఆపి “మరి ఆయనేమన్నాడు?” అని అడిగిన చోటల్లా వివరం తక్కువైందన్నమాట.

సంఘటన పూర్తిగా నెగ్గినదే కావాలన్న నియమం కూడా లేదు. పై కథలోనే ఆ సీనియర్ చివరిదాకా ఒప్పుకోలేదనుకుంటే, ఆమె టెస్టర్లతో, సర్వర్ల ఇంజినీరుతో కలిసి స్క్రిప్టుల వరుసను మాత్రం ముందే రాసుకునే పద్ధతి మొదలుపెట్టి ఉండవచ్చు. సగమే నెగ్గిన కథను, ఎక్కడ ఆగిందో, ఇప్పుడైతే ఏం మార్చి చేసేదో చెప్పగలిగితే అది నిలబడుతుంది. ఇక చివరికి మేనేజర్ దగ్గరికి వెళ్లాల్సి వచ్చిన సంఘటనైతే రెండు విషయాలను బట్టి తూచుకోవాలి: వెళ్లే ముందు ఎదుటి మనిషితో నేరుగా ఎన్నిసార్లు మాట్లాడారు, వెళ్తున్నట్టు ఆ మనిషికి చెప్పారా లేదా. “మనిద్దరికీ కుదరలేదు, ఇద్దరం కలిసి వెళ్లి రెండు వాదనలూ చెబుదామా?” అని అడిగి వెళ్లి ఉంటే ఆ సంఘటన ఈ ప్రశ్నకు ఇంకా సరిపోతుంది. వెనుకనుంచి మెయిల్ పెట్టి ఉంటే వేరే సంఘటన వెతుక్కోవాలి.